గెయిన్ మార్జిన్ రుణాత్మకంగా వచ్చినా వ్యవస్థ స్థిరంగా ఉండగలదా?

ప్రశ్న: "అసైన్‌మెంట్‌లో ఓపెన్ లూప్ 4(s+2)/(s(s−1)). బోడె ప్లాట్‌లో గెయిన్ మార్జిన్ −12 డెసిబెల్స్, ఫేజ్ మార్జిన్ 52 డిగ్రీలు వచ్చాయి. రూట్ లోకస్ మాత్రం స్థిరమే అంటోంది. దేన్ని నమ్మాలి?"

రూట్ లోకస్‌నే నమ్మండి, వ్యవస్థ స్థిరమే. చదువుకునే రోజుల్లో నేను దాదాపు ఇలాంటి లెక్కలోనే గెయిన్ మార్జిన్ గుర్తు చూసి "అస్థిరం" అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను. రెండు మార్జిన్లూ ధనాత్మకంగా ఉంటేనే స్థిరం అనే సూత్రం ఓపెన్ లూప్‌కు కుడి అర్ధతలంలో పోల్స్ లేనప్పుడు, అదీ మామూలు ప్లాట్లకు, పనికొస్తుంది. మీ లెక్కలో s=1 దగ్గర ఒక పోల్ ఉంది.

4 స్థానంలో K పెట్టి చూడండి. లక్షణ సమీకరణం s²+(K−1)s+2K=0 అవుతుంది కాబట్టి K విలువ 1 దాటితే చాలు, మూలాలు రెండూ ఎడమకు వస్తాయి. K=1 దగ్గర లోకస్ ఊహాత్మక అక్షాన్ని ±j√2 వద్ద దాటుతుంది. బోడెలో ఫేజ్ −180 డిగ్రీలు అయ్యేది కూడా సరిగ్గా ω=√2 వద్దే, అక్కడ పరిమాణం 4. అంటే గెయిన్‌ను నాలుగో వంతుకు తగ్గిస్తే వ్యవస్థ అంచుకు చేరుతుందని ఆ −12 డెసిబెల్స్ చెబుతోంది. పెంచడానికి మాత్రం ఈ నమూనాలో హద్దు లేదు.

నైక్విస్ట్‌తో కూడా నిరూపించమని అడిగితే ఒక్క చోట జాగ్రత్త అవసరం. మూలబిందువు దగ్గరి పోల్‌ను కుడివైపు నుంచి చుట్టి వెళ్ళినప్పుడు ఓపెన్ లూప్ L(s) సుమారుగా −8/s అవుతుంది, ఆ రుణ గుర్తు వల్ల అనంత అర్ధవృత్తం ఎడమ వైపున సవ్యదిశలో తిరుగుతుంది. నేను అలవాటు కొద్దీ దాన్ని కుడి వైపున గీశాను. అప్పుడు −1 చుట్టూ అపసవ్యంగా రెండు చుట్లు లెక్కకు వచ్చి, కుడి అర్ధతలంలోని క్లోజ్డ్ లూప్ పోల్స్ సంఖ్య 1−2=−1 అయింది. పోల్స్ సంఖ్య రుణాత్మకం కావడం అసాధ్యం గనుక తప్పు గీతలోనే ఉందని అక్కడే పట్టుకోవాల్సింది, నేను పట్టుకోలేదు. సరిగ్గా గీస్తే −1కు ఎడమవైపు అక్షాన్ని రెండు కొమ్మలూ −4 వద్ద అపసవ్యంగా ఒక్కోసారి దాటుతాయి, అర్ధవృత్తం సవ్యంగా ఒకసారి దాటుతుంది. మిగిలేది ఒక అపసవ్య చుట్టు, కాబట్టి 1−1=0.

సమర్పించే ముందు సరిచూసుకోవడానికి MATLABలో ఇది చాలు:

```
L = tf([4 8],[1 -1 0]);
pole(feedback(L,1))
```

−1.5±2.4j వస్తుంది. జవాబులో మార్జిన్ సంఖ్యలతో పాటు ఓపెన్ లూప్‌లో ఒక అస్థిర పోల్ ఉందనే వాక్యాన్ని ముందుగా రాయండి, దిద్దేవారు ముందు వెతికేది దాన్నే.