నీటి మీద పట్టిన వాయువు: ఆ 32 మిల్లీమీటర్ల పీడనం ఎవరిది?

"మా అమ్మాయి రాజాంలో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మిగతా లెక్కలన్నీ బాగానే చేస్తుంది గానీ, నీటి మీద సేకరించిన వాయువు లెక్క వస్తే ప్రతిసారీ తప్పుతోంది. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుని పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో ల్యాబ్ ఉద్యోగం చేయాలని దాని కోరిక. ఈ లెక్కలే రాకపోతే కెమిస్ట్రీకి పంపడం మంచిదేనా సార్?"
– ఒక తండ్రి, రాజాం

పంపండి. ఈ లెక్క తప్పడానికి ఎక్కువమంది పిల్లల్లో కారణం ఒక్కటే. అది పట్టుబడితే సరిచేయడానికి రెండు సాయంత్రాలు చాలు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకంలో సూత్రం చూసే ముందు ఈ ప్రయోగాన్ని ఊహించమనండి.

మెగ్నీషియం రిబ్బన్ ముక్కను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే హైడ్రోజన్ వస్తుంది. ఆ వాయువును నీళ్లు నింపి తొట్టిలో బోర్లించిన గాజు జాడీలోకి పంపిస్తాం. వాయువు పైకి చేరేకొద్దీ నీళ్లు కిందికి దిగుతాయి. చివరికి జాడీలో 200 మిల్లీలీటర్ల వాయువు కనిపించింది. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, లోపలి పీడనం పాదరస మట్టంలో 752 మిల్లీమీటర్లు.

ఇక్కడ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి: జాడీలో ఏముంది? "హైడ్రోజన్" అని ఆగిపోతే జబ్బు దొరికినట్టే. హైడ్రోజన్ నీళ్లలోంచి బుడగలుగా పైకొచ్చింది, ఇంకా నీళ్లనే ఆనుకుని ఉంది. కాబట్టి అది తడి వాయువు. దానిలో నీటి ఆవిరి కలిసి ఉంది. 30 డిగ్రీల దగ్గర నీటి బాష్పపీడనం సుమారు 32 మిల్లీమీటర్లు. డాల్టన్ నియమం ప్రకారం మొత్తం పీడనం ఈ ఇద్దరి వాటాల మొత్తం. హైడ్రోజన్ వాటా, అంటే పాక్షిక పీడనం, 752 నుంచి 32 తీసేస్తే 720.

మోల్ భాగం అంటే పిల్లలు కొత్త సూత్రం వెతుకుతారు. అక్కర్లేదు. ఒకే జాడీ, ఒకే ఉష్ణోగ్రత కాబట్టి ఎవరి మోల్‌లు ఎన్నో, పీడనంలో వారి వాటా అంతే. హైడ్రోజన్ మోల్ భాగం 720/752, అంటే 0.957. ఆవిరిది 32/752, అంటే 0.043. రెండూ కలిపితే 1 రావాలి. ప్రతిసారీ కలిపి చూడమనండి.

ఇక PV = nRT. ఇందులో పెట్టాల్సింది 720 మాత్రమే, 752 కాదు. ఘనపరిమాణం మాత్రం మొత్తం 200 మిల్లీలీటర్లే, ఎందుకంటే రెండు వాయువులూ జాడీ అంతా పరుచుకుని ఉంటాయి.

```
n = (720/760) × 0.200 / (0.0821 × 303)
  = 0.00762 మోల్
```

ఒక మోల్ మెగ్నీషియానికి ఒక మోల్ హైడ్రోజన్ వస్తుంది. కాబట్టి కరిగిన మెగ్నీషియం 0.00762 × 24.3, అంటే 0.185 గ్రాములు. అదే 752 పెట్టి చేస్తే 0.193 గ్రాములు వస్తుంది. నేను డిగ్రీ చదివేటప్పుడు సరిగ్గా ఈ తప్పే చేశాను. తూచి వేసింది 0.185, లెక్కలో తేలింది 0.193. వేసిన దానికంటే ఎక్కువ లోహం కరగదు కదా! ఆ రోజు ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన చూసుకున్నాకే నాకు ఆవిరి అనేది నిజంగా జాడీలో ఉందని నమ్మకం కుదిరింది. మీ అమ్మాయికి కూడా సూత్రం కన్నా ఈ తేడానే ముందు చూపించండి.

ఇంకో చిక్కు ఆ 32 అనే అంకెలో ఉంది. చాలామంది 25 డిగ్రీల విలువ 23.8ని బట్టీపట్టి అన్ని చోట్లా వాడేస్తారు. మన జిల్లాలో డిసెంబరు ఉదయం తొట్టిలో నీళ్లు 20 డిగ్రీలుంటే బాష్పపీడనం 17.5, మే నెలలో 35 డిగ్రీలుంటే 42.2. అందుకే థర్మామీటరును తొట్టి నీళ్లలోనే పెట్టాలి, గోడకు వేలాడే దాన్ని చూసి రాయకూడదు. జాడీ లోపల, బయట నీటి మట్టాలు సమానం చేశాకే పీడనం రాసుకోవాలి. లోపలి మట్టం 68 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండిపోతే, పాదరసం నీటికి 13.6 రెట్లు బరువు కాబట్టి, బయటి వాతావరణ పీడనంలోంచి ఇంకో 5 మిల్లీమీటర్లు తగ్గించాలి.

ఇప్పుడు ఎంట్రన్స్ పరీక్షల్లో పిల్లల్ని పడగొట్టే ప్రశ్న. అదే తడి వాయువును 30 డిగ్రీల దగ్గరే ఉంచి సగం ఘనపరిమాణానికి నొక్కితే మొత్తం పీడనం ఎంత? 752ని రెట్టింపు చేసి 1504 అని రాసేస్తారు. హైడ్రోజన్ రెట్టింపవుతుంది, 1440. ఆవిరి మాత్రం 32 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అంతకు మించిన ఆవిరి నీళ్లుగా మారిపోతుంది. మొత్తం 1472. ఆవిరి మోల్ భాగం 0.043 నుంచి దాదాపు 0.022కి పడిపోతుంది. ద్రవ నీరు ఉన్నంతసేపూ ఆవిరి పీడనం ఉష్ణోగ్రత మాట వింటుంది, ఘనపరిమాణం మాట వినదు. లోపల ఒక్క చుక్క నీరు కూడా లేకుండా అంతా ఆవిరే అయితే, ఘనపరిమాణం పెంచినప్పుడు అది కూడా మామూలు వాయువులా తన పీడనం తగ్గించుకుంటుంది. లెక్కలో "నీరు ఇంకా ఉందా, లేదా" అన్న మాట కోసం వెతకమనండి.

ఉద్యోగం సంగతి. మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో రోజూ హైడ్రోజన్ పట్టరు, నిజమే. కానీ అక్కడ పొడిలో ఎంత నీరుందో కార్ల్ ఫిషర్ పద్ధతిలో కొలుస్తారు, చాలా మందులకు స్వచ్ఛతను ఆ నీటిని తీసేసి లెక్కగడతారు. ఉదాహరణకు ఒక పొడిని ఉన్నదున్నట్టుగా పరీక్షిస్తే 94.5 శాతం వచ్చింది, అందులో 5 శాతం నీరుంది అనుకుందాం. 94.5ని 0.95తో భాగిస్తే 99.5 శాతం. 98కి తగ్గకూడదు అనే నిబంధన ఉంటే మొదటి అంకెతో బ్యాచ్ ఫెయిలైనట్టు, రెండో అంకెతో పాసైనట్టు. ఇక్కడ లెక్క బరువుల్లో, అక్కడ మోల్‌లలో. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే: ఇందులో నీటి వాటా ఎంత?

అమ్మాయి పాత జవాబు పత్రాలు తీసి తప్పులు ఎక్కడున్నాయో మీరే చూడండి. బాష్పపీడనం తీసేయడం మరచిపోవడం, లేక తప్పు ఉష్ణోగ్రత విలువ పెట్టడం మాత్రమే అయితే పైన చెప్పిన ప్రయోగంతో పోతుంది. 273 కలపకపోవడం, మిల్లీలీటర్లను లీటర్లు చేయకపోవడం ఎక్కువగా కనిపిస్తే మాత్రం ఇబ్బంది ఈ పాఠంలో లేదు, యూనిట్లలో ఉంది. అప్పుడు రోజుకు రెండు లెక్కలు, ప్రతి అంకె పక్కనా దాని యూనిట్ రాస్తూ చేయించండి. ఒక నెల తర్వాత మళ్లీ రాయండి, ఆ పత్రాల ఫొటోలు పంపితే కలిసి చూద్దాం.