రెండుసార్లు గడువు దాటిన బాకీకి మూడో మెసేజ్

ప్రశ్న: మా దగ్గర అట్టపెట్టెలు తీసుకున్న స్వీట్ షాపు వ్యాపారి రూ.48,000 ఇస్తానన్న తేదీ రెండుసార్లు దాటించారు. మర్యాద తగ్గకుండా గట్టిగా ఎలా రాయాలి?

జవాబు: "ఎప్పుడిస్తారండీ?" అని మాత్రం అడగకండి. అడిగితే ఆయన మూడో తేదీ చెబుతారు. ఈసారి తేదీ మీరే పెట్టండి. ఫోన్‌లో కాదు, బిల్లు ఫోటో జతచేసి వాట్సాప్‌లో రాయండి:

"నమస్తే అండీ. బిల్లు నంబరు 112, రూ.48,000. మొదట జూన్ 10 అన్నారు, తర్వాత 25 అన్నారు. రెండుసార్లూ డబ్బు అందలేదు. జూలై 3 సాయంత్రంలోపు మా ఖాతాలో వేయండి. అది అందేదాకా కొత్త ఆర్డరు పంపలేను. బిల్లులో తేడా ఏమైనా ఉంటే రేపటిలోగా చెప్పండి."

చివరి వాక్యం తీసేయకండి. దానికి జవాబివ్వకపోతే, తర్వాత సరుకు బాగాలేదని సాకు చెప్పడం ఆయనకు కష్టం. "మీ మీద నమ్మకం పోయింది" లాంటి మాటలు వద్దు. డబ్బు సంగతి వదిలేసి ఆ మాటే పట్టుకుంటారు.

సరుకు ఇచ్చేనాటికే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మీవైపు ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు అందుకున్నాక డబ్బు ఇచ్చే గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. ఆలస్యానికి వడ్డీ కూడా అడగొచ్చు. అయితే ఆ చట్టాన్ని ఈ మెసేజ్‌లో ఎత్తకండి, జూలై 3 దాటితే పంపే నోటీసులో రాయండి.