మోడెంని నిద్రపుచ్చే పీఎస్ఎం పెట్టినా బ్యాటరీ ఎందుకు అయిపోతోంది?

"ఆమదాలవలస దగ్గర ట్యాంకు మీద ఎన్‌బీ-ఐఓటీ సెన్సర్. ఆరు గంటలకోసారి పంపుతుంది. పీఎస్ఎం పెట్టినా 8500 ఎంఏహెచ్ బ్యాటరీ మూడు నెలలకే అయిపోయింది."

మాస్టారూ, లెక్క చూస్తే సగటున 4 మిల్లీయాంప్స్ లాగుతోంది. అంటే మోడెం నిద్రే పోవట్లేదు. పీఎస్ఎం మనం అడిగేది మాత్రమే, ఇచ్చేది నెట్‌వర్క్. ఏమిచ్చిందో చూడండి:

```
AT+CPSMS=1,,,"00111000","00000101"
AT+CEREG=4
AT+CEREG?
```

అడిగింది నెట్‌వర్క్‌కి హాజరు వేసే 24 గంటల టైమరు, పంపాక 10 సెకన్ల మెలకువ. జవాబు చివర ఈ రెండు విలువలు లేకపోతే నిద్ర దక్కనట్టే. ఉండీ కరెంటు తగ్గకపోతే మీ బోర్డే మోడెంని లేపుతోంది. నా జీడితోట బోరు దగ్గర సీరియల్ లైను వల్ల ఇదే జరిగింది, దొరకడానికి వారం పట్టింది!

నిద్రలో 5 మైక్రోయాంప్స్ అయితే రోజుకి 0.12 ఎంఏహెచ్. అసలు ఖర్చు పంపడంలో ఉంది. 100 మిల్లీయాంప్స్ చొప్పున 10 సెకన్లయితే ఒక్కోసారికి 0.28. సిగ్నల్ బలహీనమైతే అదే మెసేజ్ పదేపదే పంపుతుంది. ఒక్కోసారి నిమిషం పడితే నాలుగుసార్లకి, నిద్రతో కలిపి రోజుకి దాదాపు 6.8, అప్పుడు కూడా మూడేళ్ల పైనే లెక్క. కాకపోతే నిద్రలో ఉన్నప్పుడు మీరు పంపే ఆదేశం చేరదు, అది మళ్లీ లేచేదాకా ఆగాల్సిందే.