కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య ప్యాకేజీ: కాగితం మీద ఒకటి, దారిలో ఒకటి

ప్రశ్న: అమ్మానాన్నలను తెలుగు ట్రావెల్స్ వాళ్ళ కాశీ–గయ–ప్రయాగ–అయోధ్య ప్యాకేజీలో పంపాలనుకుంటున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నకు షుగర్ ఉంది. బ్రోచర్‌లో రాసినట్టే జరుగుతుందా? హోటళ్ళు, గైడ్, పైఖర్చులు ఎలా ఉంటాయి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పగలరు.

జవాబు:

మా అత్తయ్యగారిని, మామయ్యగారిని తీసుకుని విజయవాడ నుంచి ఇదే ప్యాకేజీలో వెళ్ళొచ్చాం. సంస్థ పేరు చెప్పను. ఎందుకంటే ఈ రూట్లో తిప్పేవాళ్ళలో చాలామంది బ్రోచర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, ఇబ్బందులు కూడా అవే చోట్ల వస్తాయి.

ముందు గయ రోజు గురించి చెప్తాను. ఈ యాత్రలో పెద్దవాళ్ళు నలిగిపోయేది ఆ రోజే. మా కాగితంలో ‘ఉదయం 5కి కాశీ నుంచి బయలుదేరి, గయలో పిండప్రదానం, మంగళగౌరి, బోధ్‌గయ దర్శనం, రాత్రికి కాశీ’ అని ఉంది. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. నలభైమంది స్నానాలు చేసి బస్సెక్కేసరికి ఆరున్నర అయింది. హైవే మీద లారీల రద్దీ, మధ్యలో బస్సు ఆపినవి అన్నీ కలిపి గయ చేరేసరికి ఒంటిగంట. కర్తలెవరూ ఏమీ తినలేదు. ఫల్గుణీ నది దగ్గర, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం దగ్గర మూడు చోట్లా పిండాలు పెట్టాలి. బృందంగా చేయించినా రెండు మూడు గంటలు పడుతుంది. మామయ్యగారు భోజనం ముందు కూర్చునేసరికి నాలుగు దాటింది. మంగళగౌరి గుడి గుట్ట మీద ఉంటుంది, మెట్లెక్కాలి. అప్పటికే చీకటి పడుతోందని దాన్ని వదిలేశారు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి చూడకుండానే వెనక్కి వస్తున్నామని అత్తయ్యగారు బస్సులో ఎంత బాధపడ్డారో. బోధ్‌గయలో దిగింది అరగంటే. అర్ధరాత్రి దాటాక కాశీ చేరాం. తెల్లారి మళ్ళీ ప్రయాగ ప్రయాణం.

ఇలా ఎందుకు పెడతారో తర్వాత అర్థమైంది. గయలో ఒక రాత్రి ఉంచితే నలభైమందికి ఇంకో హోటల్ ఖర్చు. పైగా మన పెద్దవాళ్ళు కాశీలో మూడు నిద్రలు చేయాలంటారు కాబట్టి, గయ నుంచి అర్ధరాత్రి వచ్చి పడుకున్నదాన్ని కూడా కాశీ నిద్ర కింద లెక్క వేస్తారు. బ్రోచర్‌లో ‘కాశీలో 3 రాత్రులు’ అని కనిపిస్తే, వాటిలో గయకు వెళ్ళొచ్చిన రాత్రి ఉందా అని అడగండి. రైల్లో గడిచే రోజులను కూడా యాత్ర రోజుల్లో కలుపుతారు, దాన్నీ తీసేసి చూసుకోండి. అయోధ్యలో మా ‘హోటల్ బస’ నిజానికి ఫ్రెషప్ రూమ్. ఒక్కో గదిలో ఏడెనిమిది మందిమి స్నానం చేసి సామాను పెట్టుకుని దర్శనానికి వెళ్ళాం. ప్యాకేజీలో ‘స్టే’ అని ఉన్న ప్రతిచోటా రాత్రి పడుకోవడానికా, స్నానానికా అని అడగాల్సిందే.

కాశీ హోటల్ గది శుభ్రంగానే ఉంది. తంటా అంతా దూరంతోనే వచ్చింది. పెద్ద బస్సులను గుడి దగ్గరి గోదౌలియా చౌరస్తా వైపు రానివ్వరు కాబట్టి కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర ఎక్కడో దింపుతారు. అక్కడినుంచి విశ్వనాథుడి గుడి నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది. తెల్లవారుజామున దర్శనానికి, సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతికి, మధ్యలో కాలభైరవుడికి, విశాలాక్షికి ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు ఆటో డబ్బు మనదే. ‘లోకల్ ట్రాన్స్‌పోర్ట్ యాత్రికులదే’ అన్న ఒక్క వాక్యం కింద ఇదంతా ఉంది. హోటల్ పేరు అడిగితే ‘ఫలానా హోటల్ లేదా అదే స్థాయిది’ అంటారు. ఆ రెండో మాటతో హోటల్ మారిపోతుంది. హోటల్ ఏదైనా గోదౌలియా చౌరస్తాకి ఎంత దూరంలో ఉంటుందో కిలోమీటర్లలో చెప్పమనండి. లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్ ఉన్నాయా అన్నది కూడా అడగండి. ముగ్గురికో గది అంటే మూడో మనిషికి నేలమీద పరుపే.

గైడ్ విషయంలో ఇద్దరు మనుషులను కలిపి ఒకరిగా చూపిస్తారు. మనతో వచ్చేది టూర్ మేనేజర్. మాతో వచ్చిన మేనేజర్ కుర్రాడు బంగారం లాంటివాడు. వంటవాళ్ళతో పొద్దున్నే ఉప్మా చేయించి పెట్టేవాడు, మామయ్యగారికి మందు వేళ గుర్తుచేసేవాడు, ఆయన చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు. అలాంటివాడు దొరికితే సగం యాత్ర సుఖంగా సాగినట్టే. కానీ క్షేత్రం గురించి చెప్పడం అతని పని కాదు, అతనికి తెలియదు కూడా. కాశీలో పెట్టిన లోకల్ గైడ్ హిందీలో పది వాక్యాలు చెప్పి అందరినీ చీరల దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడ రెండు గంటలు గడిచాయి. అదే రోజు అన్నపూర్ణమ్మ దర్శనాన్ని పరుగుమీద కానిచ్చారు. షాపింగ్ కోసం బస్సు ఆపుతారా, ఆపితే ఎంతసేపు, బస్సులోనే కూర్చునేవాళ్ళకి ఏసీ వేసి ఉంచుతారా అని ముందే అడగడం మంచిది.

పైఖర్చులు మాకు ప్యాకేజీ ధరలో దాదాపు ఐదో వంతు అయ్యాయి. ముందుగా బిల్లులో 5 శాతం పన్ను కలిసింది. ఆటోల తర్వాత పెద్దది ప్రయాగలో త్రివేణీ సంగమానికి పడవ. ఒడ్డున మనిషికి ఒక రేటు చెప్పి, నీళ్ళ మధ్యకు వెళ్ళాక పూజ పేరుతో, కొబ్బరికాయ పేరుతో ఇంకా అడుగుతారు. రానూపోనూ మొత్తం ఒడ్డునే మాట్లాడుకోవాలి. అక్కడ దంపతులు చేసే వేణీదానం దక్షిణ వేరు. గయలో చివర అక్షయవటం దగ్గర అక్కడి పురోహితుడు పండా, కార్యం సఫలమైందని ‘సుఫలం’ చెప్పేటప్పుడు మళ్ళీ దక్షిణ అడుగుతాడు. పితృకార్యం చేసి కళ్ళు చెమర్చిన మనిషిని ఆ క్షణంలో అడిగితే కాదనలేడు. నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. అందుకే పురోహితుడితో సామగ్రి, దక్షిణ, సుఫలం అన్నీ కలిపి ఇంత అని సంకల్పానికి ముందే మాట్లాడుకోవాలి. కాశీలో తెలుగువాళ్ళ సత్రాల ద్వారా గయలో తెలుగు పురోహితుణ్ణి కుదుర్చుకోవచ్చు. మంత్రం అర్థమవుతుంది, మాట తేడా రాదు.

అయోధ్యలో రామయ్య దర్శనానికి టికెట్ లేదు, ఉచితమే. వీఐపీ దర్శనం అంటూ ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. కాశీలో విశ్వనాథుడి దర్శనం త్వరగా అయ్యే సుగమ దర్శనం టికెట్ మాత్రం గుడివాళ్ళదే, కావాలంటే గుడి వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు.

మీ నాన్నగారికి షుగర్ అన్నారు కాబట్టి గయ ఒకేరోజులో వెళ్ళొచ్చే ప్యాకేజీ తీసుకోవద్దని నా మాట. ముందురోజు సాయంత్రానికే గయ చేర్చి, రాత్రి అక్కడ పడుకోబెట్టి, పొద్దున్నే పిండప్రదానం మొదలుపెట్టించే ప్యాకేజీలూ ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ. అలాగైతే పదింటికల్లా కార్యం అయిపోయి భోజనం చేయొచ్చు, మంగళగౌరి కూడా చూడొచ్చు. అడ్వాన్సు కట్టేముందు ‘గయలో రాత్రి బస ఉంది, పిండప్రదానం ఉదయం ఇన్ని గంటలకు’ అని వాట్సాప్‌లో వాళ్ళ చేతే రాయించుకోండి. ఫోన్లో ‘చూసుకుంటాంలెండి అమ్మా’ అన్నారంటే ఒప్పుకోకండి.