మీటరు రేటు చూసి కర్టెన్ గుడ్డ కొంటే లెక్క తప్పుతుంది

"సార్, విజయనగరం కంటోన్మెంట్ వైపు ఇల్లు కట్టుకున్నాం. మూడు కిటికీలు, ఒక్కోటి 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. షాపులో రెండు కాటన్ గుడ్డలు నచ్చాయి. 48 అంగుళాల పన్నా మీటరు 180, 54 అంగుళాలది 230. తక్కువ రేటుది 24 మీటర్లు తీసుకోమన్నారు. టైలరు ముక్కకి 120 అడుగుతున్నాడు. నా దగ్గర 8 వేలున్నాయి, చాలకపోతే కార్డు మీద ఈఎంఐ పెట్టనా?"

ఈఎంఐ వద్దమ్మా, 8 వేలు సరిపోతాయి. 230 రూపాయల గుడ్డే తీసుకోండి, మీ కిటికీలకి అదే చవక.

ముందు వెడల్పు చూద్దాం. రాడ్డు కిటికీకి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు బయటికి ఉండాలి, లేకపోతే పక్కల నుంచి ఎండ వస్తుంది. అంటే 72 కి 8 కలిపి 80 అంగుళాలు. కర్టెన్ మూసినా కుచ్చులు నిండుగా పడాలంటే దానికి రెండు రెట్ల గుడ్డ కావాలి, 160 అంగుళాలు. 54 పన్నా ముక్కలు మూడు పెడితే 162 వస్తాయి. 48 పన్నావి మూడు పెడితే 144 మాత్రమే, చాలదు కాబట్టి నాలుగో ముక్కకి పోవాలి, అక్కడ మీరు డబ్బు కట్టే గుడ్డలో కొంత అవసరానికి మించి పోతుంది. షాపులో ఎవరూ ఈ మాట చెప్పరు, ఎందుకంటే బోర్డు మీద ఉండేది పొడవుకి రేటు, పన్నాకి కాదు.

పక్క మడతలకీ, అతుకులకీ ఆ 162 లో ఎనిమిది అంగుళాల దాకా పోతాయి, 154 మిగులుతాయి. రెండు రెట్లకి కాస్త తక్కువ, కంటికి తెలీదు.

ఇప్పుడు పొడవు. కిటికీకి పైన 4, కింద 8 అంగుళాలు దిగాలి, 48 తో కలిపి 60. పై మడత రింగులు పట్టేలా 5, కింది మడత 5, కోతలో వంకరపోతే సరిచేసుకోడానికి 2. మొత్తం 72 అంగుళాలు, అంటే 1.83 మీటర్లు. కింది మడతలో కక్కుర్తి పడకండి, బరువు లేని కర్టెన్ ఫ్యాను గాలికే ఎగిరిపోతుంది.

ఇక డబ్బు. 48 పన్నాది 12 ముక్కలకి 22 మీటర్లు, 3,960 రూపాయలు, కుట్టుకూలి 1,440. మొత్తం 5,400. 54 పన్నాది తొమ్మిది ముక్కలకి 16.5 మీటర్లు, 3,795, కుట్టుకూలి 1,080. మొత్తం 4,875. మీటరుకి 50 రూపాయలు ఎక్కువున్న గుడ్డతో 525 మిగిలాయి చూడండి. షాపు వాళ్ళు 24 ఎందుకన్నారంటే, ముక్కకి 1.83 ని రెండు మీటర్లు చేసేసి ఉంటారు. ఒక ముక్క కొంటే అది సబబే, 12 ముక్కల మీద మాత్రం రెండు మీటర్లు మీ మీద పడతాయి.

అయితే కాటన్ కదా, ఉతికితే నూటికి మూడు నుంచి ఐదు దాకా కుంచించుకుపోవచ్చు. 72 అంగుళాల ముక్కలో మూడు అంగుళాలు పోతే కర్టెన్ అనుకున్నదానికంటే పొట్టిగా కనబడుతుంది, కుట్టేశాక దాన్ని సరిచేయడం కష్టం. అందుకని ఒక మీటరు ఎక్కువ కలిపి 17.5 మీటర్లు కొనండి, టైలరుకి ఇవ్వకముందే మొత్తం గుడ్డ నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. అప్పుడు గుడ్డ 4,025, కూలితో 5,105. మిగిలిన 2,895 రూపాయలు రాడ్లకీ రింగులకీ ఉంచుకోండి, ఆ రేట్లు మాత్రం గుడ్డ కోయించకముందే అడిగి పెట్టుకోండి.

ఇదంతా సాదా గుడ్డకి. పెద్ద పూల డిజైన్ అయితే పువ్వు మళ్ళీ ఎన్ని అంగుళాలకి వస్తుందో టేపు పెట్టి చూడండి. 30 అంగుళాలకి వస్తే 72 చాలదు, ప్రతి ముక్కా 90 కొయ్యాలి, లేకపోతే పక్క పక్క ముక్కల్లో పూలు కలవవు. తొమ్మిది ముక్కల మీద నాలుగు మీటర్ల పైనే, 900 దాటుతుంది. మీ బడ్జెట్‌కి సాదాదో, చిన్న పువ్వుదో నయం.

కిటికీకి మూడు ముక్కలు, తెరలు రెండు కదా, మూడోదాన్ని నిలువునా సగానికి కోసి ఒక్కో తెరకి సగం అతికించమనండి. ఆ సగం ముక్క గోడ వైపుకి రావాలి, మధ్యకి వస్తే అతుకు కనబడుతుంది. ఇంకోటి, మొత్తం 17.5 మీటర్లూ ఒకే తానులోంచి కోయించండి, రేపు తక్కువైందని మళ్ళీ వెళితే అదే రంగు వేరే తానులో కాస్త తేడాగా ఉండొచ్చు.