గ్యాస్ మాత్ర వేసుకుని తాగినా పొద్దున కడుపులో మంట, విరేచనాలు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు రెండు మూడు శనివారాలు ఫ్రెండ్స్‌తో కూర్చుంటాను. రాత్రి ఎనిమిదిన్నరకు ఒక స్ట్రాంగ్ బీరుతో మొదలుపెట్టి, తర్వాత మూడు లార్జ్‌ల విస్కీ తాగుతాను. పదకొండు దాటాక బిర్యానీ తిని పడుకుంటాను. పొద్దున లేవగానే వికారం, పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట, మూడు నాలుగుసార్లు నీళ్ల విరేచనాలు. మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. తాగే ముందు పాంటప్రజోల్ వేసుకుంటున్నా గుణం లేదు. పొద్దున తలనొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటాను. నాకు అల్సర్ ఉందా? తాగే ముందు ఇంకేదైనా మంచి మాత్ర ఉందా?

జవాబు: ముందుగా ఆ డైక్లోఫెనాక్ మానేయండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది అదే. ఎందుకో అర్థం కావాలంటే శనివారం రాత్రి మీ కడుపులో ఏం జరుగుతోందో మొదటి నుంచీ చూడాలి.

మన జీర్ణాశయంలో ఊరే ఆమ్లం మాంసాన్ని కరిగించగలదు. అది జీర్ణాశయాన్నే కరిగించకుండా లోపలి గోడ మీద పలుచని జిగురు పొర ఉంటుంది. ఆ జిగురులో ఆమ్లాన్ని విరిచే క్షారం ఉంటుంది. దాని కింద కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఈ కాపలా అంతా నడిపించేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. జిగురు ఊరడానికి, గోడకు రక్తం సరిగా అందడానికి అవే కారణం.

ఆల్కహాల్ ఈ గోడను నేరుగా దెబ్బతీస్తుంది. దీనికి ఆమ్లం సాయం అక్కర్లేదు. గాఢత సుమారు 10 శాతం దాటితే జిగురు పొర పట్టు సడలడం మొదలవుతుంది. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. సమానంగా నీళ్లు కలిపినా 21 శాతం దాకా ఉంటుంది. అది ఖాళీ కడుపులో పడితే కణాల మధ్య అతుకు ఊడి, అప్పటికే అక్కడున్న ఆమ్లం గోడలోకి దిగుతుంది. చిన్న రక్తనాళాలు ఉబ్బి చిట్లుతాయి. ఎండోస్కోపీలో చూస్తే గోడ ఎర్రగా కంది, అక్కడక్కడా లోపల రక్తం కమ్మిన మచ్చలు కనిపిస్తాయి. పాంటప్రజోల్ చేసే పని ఆమ్లం ఊరడాన్ని తగ్గించడం. గోడ మీద ఆల్కహాల్ పడటాన్ని అది ఆపలేదు. మీకు గుణం కనిపించకపోవడానికి కారణం ఇదే. మాత్ర మార్చినా ఇదే జరుగుతుంది.

బీరు దారి వేరు. గాఢత తక్కువ కాబట్టి గోడను విస్కీ అంతగా కాల్చదు. కానీ ఆమ్లం ఊరేలా గట్టిగా ప్రేరేపిస్తుంది. విస్కీ, బ్రాందీ లాంటి బట్టీ పట్టిన మద్యాలకు ఈ గుణం పెద్దగా లేదు. పులియబెట్టి నేరుగా తాగే బీరు, వైన్‌లకు ఉంది. మీరు ముందు బీరుతో ఆమ్లాన్ని ఊరించి, తర్వాత విస్కీతో గోడను బలహీనపరుస్తున్నారు. రెండింటికీ మధ్య తిండి లేదు.

పదకొండు దాటాక బిర్యానీ. గాఢమైన మద్యం పడ్డ జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. నూనె, నెయ్యి ఎక్కువున్న తిండి దాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. అన్నవాహికకు, జీర్ణాశయానికి మధ్య ఉన్న కండరపు మూత ఆల్కహాల్ వల్ల సడలుతుంది. నిండు కడుపుతో వెంటనే పడుకుంటే ఆమ్లం ఆ మూత దాటి పైకి వస్తుంది. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట అక్కడివే. కారం ఆ మంటను పెంచుతుంది.

ఇక వికారం సంగతి. 7 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరులో సుమారు 36 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో 20 గ్రాములు, మూడింటికి 60. మొత్తం దాదాపు 96 గ్రాములు. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములే వదిలించుకోగలదు. అంటే మీ ఒంట్లోంచి ఆల్కహాల్ పూర్తిగా పోవడానికి పది నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర మధ్యలో పని పూర్తవుతుంది. ఈ క్రమంలో ఆల్కహాల్ ముందు అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది ఆల్కహాల్ కన్నా విషం, వికారం పుట్టిస్తుంది. కందిన గోడ నుంచి, ఇంకా ఖాళీ కాని కడుపు నుంచి నరాల ద్వారా మెదడులోని వాంతి కేంద్రానికి వెళ్లే సంకేతాలు దీనికి తోడవుతాయి. మధ్యాహ్నానికి మీకు సర్దుకుంటుందన్నారు కదా, ఈ లెక్కతో చూస్తే అది సహజమే. పొద్దునే బండి తీయడం మాత్రం ప్రమాదం. నిద్ర లేచినా మీ రక్తంలో ఇంకా ఆల్కహాల్ ఉండొచ్చు.

విరేచనాలకు చాలామంది బిర్యానీని తిడతారు. అదొక్కటే కారణం కాదు. చిన్నపేగు రోజూ లీటర్ల కొద్దీ నీటిని, ఉప్పును పీల్చుకుని ఒంట్లోకి పంపుతుంది. ఆల్కహాల్ ఆ పీల్చుకునే శక్తిని తగ్గిస్తుంది, పేగుల కదలికను వేగం చేస్తుంది. నీరు పెద్దపేగులోకి ఎక్కువగా, తొందరగా చేరుతుంది. దాన్ని గట్టిపరిచే సమయం పెద్దపేగుకు దొరకదు. అందుకే నీళ్ల విరేచనం. పైగా చిన్నపేగు పైపొర దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము కూడా కొంతకాలం తగ్గుతుంది. పొద్దున రెండు కప్పుల పాల టీ తాగాక మళ్లీ బాత్రూముకు పరుగెత్తాల్సి వస్తే ఇదీ ఒక కారణం కావచ్చు.

డైక్లోఫెనాక్ దగ్గరికి వద్దాం. మొదట చెప్పిన ప్రోస్టాగ్లాండిన్లు గుర్తున్నాయి కదా. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ నొప్పిని తగ్గించేది వాటి తయారీని అడ్డుకోవడం ద్వారానే. రాత్రంతా ఆల్కహాల్ దెబ్బతిన్న గోడకు పొద్దునే మరమ్మతు సామగ్రి కూడా అందకుండా చేస్తున్నారన్నమాట. మీలాగే ఆదివారం పొద్దున మాత్ర వేసుకునే ఒక నడివయసు మనిషి నా దగ్గరికి వచ్చారు. రెండు రోజులుగా నల్లగా, తారులా, విపరీతమైన వాసనతో విరేచనం అవుతోందట. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ ఊరుకున్నారు. లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. హిమోగ్లోబిన్ సగానికి పడిపోయింది. జీర్ణాశయంలో పుండు నుంచి రక్తం కారుతోంది. ఆయనకు అంతకు ముందు కడుపునొప్పి పెద్దగా లేదు.

నొప్పి లేకపోవడం ధైర్యం ఇవ్వదని వైద్యానికి చాలాకాలంగా తెలుసు. 1822లో తుపాకీ గాయం మానక కడుపు మీద రంధ్రం మిగిలిపోయిన ఒక యువకుడి జీర్ణాశయాన్ని అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఏళ్ల తరబడి ఆ రంధ్రంలోంచి చూశాడు. వరుసగా కొన్ని రోజులు మద్యం తాగిన తర్వాత లోపలి గోడ ఎర్రబడి, పుండ్లలాంటి మచ్చలు వచ్చాయి. అతను మాత్రం పెద్దగా బాధ ఏమీ చెప్పలేదు. మీకు మధ్యాహ్నానికి తగ్గినంత మాత్రాన గోడ అప్పటికే పూర్తిగా మానిందని అనుకోవద్దు. పైపైన చెదిరిన కణాలు కొన్ని గంటల్లో కప్పుకుంటాయి, లోతైన ఒరుపులకు రోజులు పడుతుంది.

అల్సర్ ఉందా అనేది ఉత్తరం చూసి చెప్పలేను. తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. నాలుగు వారాలు మద్యం పూర్తిగా మానండి, నొప్పి మాత్రలూ వద్దు. ఆ నాలుగు వారాల్లో కడుపు శుభ్రంగా ఉంటే కారణం మద్యం, నొప్పి మాత్రలేనని చాలావరకు తేలుతుంది. తాగని రోజుల్లోనూ పైకడుపులో మంట, తిన్న వెంటనే నిండిపోయినట్టు ఉండటం, అర్ధరాత్రి ఆకలి నొప్పితో లేవడం లాంటివి కనిపిస్తే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. పరీక్షకు వెళ్లే ముందు పాంటప్రజోల్ వాడుతున్నారని చెప్పండి. ఆ మాత్ర వాడుతుంటే బాక్టీరియా ఉన్నా కొన్ని పరీక్షల్లో కనబడకపోవచ్చు.

మళ్లీ ఎప్పుడైనా ఆదివారం ఇలాగే లేస్తే, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినంత నీటిలో, సాధారణంగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి గుక్కెడు గుక్కెడుగా తాగండి. ఒకేసారి గ్లాసుడు తాగితే వాంతి అవుతుంది. వికారం తగ్గాక పలుచని ఉప్పు మజ్జిగ, ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం తినొచ్చు. మత్తు దిగుతుందని నిమ్మరసం తాగడం చాలా ఇళ్లలో ఉంది. కందిన గోడ మీద అది మంటను పెంచుతుంది, వద్దు. కాఫీ, పాల టీ ఆ పూట పక్కన పెట్టండి. మంటకు యాంటాసిడ్ సిరప్ రెండు చెంచాలు కాసేపు ఉపశమనం ఇస్తుంది. తలనొప్పికి కొంచెం తిన్న తర్వాత పారాసిటమాల్ 500 ఒక్క మాత్ర చాలు. రోజూ తాగేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు అది కూడా డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. విరేచనాలకు మెడికల్ షాపులో మెట్రోనిడజోల్, టినిడజోల్ ఇస్తే తీసుకోకండి. ఇవి ఇన్‌ఫెక్షన్ విరేచనాలు కావు. పైగా ఆల్కహాల్ ఒంట్లో ఉండగా ఆ మందులు వాంతులు, గుండెదడ తెప్పించవచ్చని వాటి ప్యాకెట్ల మీదే హెచ్చరిక ఉంటుంది.

తాగే ముందు వేసుకునే మంచి మాత్ర ఏదీ లేదు. కడుపుకు హాని చేయని మోతాదు ఇదీ అని కూడా నేను రాసివ్వలేను. మానలేకపోతే కనీసం మొదటి గ్లాసు కంటే ముందే అన్నమో చపాతీయో తినండి. తిండి ఉంటే ఆల్కహాల్ పలచబడుతుంది, రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. బీరు, విస్కీ కలపొద్దు. ఒక లార్జ్ దగ్గర ఆగండి. తిన్నాక మూడు గంటలు గడవనిదే పడుకోవద్దు.

నల్లటి విరేచనం, కాఫీ పొడిలాంటి వాంతి, పదేపదే వాంతులయ్యాక ఎర్రటి రక్తం, వీపులోకి పొడుచుకొచ్చే పైకడుపు నొప్పి కనిపిస్తే ఆదివారమైనా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆ నొప్పి క్లోమం వాపు కావచ్చు, దానికి రక్తంలో లైపేజ్ పరీక్ష చేస్తారు. ఛాతీ మంటతో పాటు చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే గ్యాస్ అనుకోకుండా ముందు ఈసీజీ తీయించుకోండి. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు కూడా విరేచనం నల్లగా అవుతుంది, కాబట్టి అవి వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.