నిద్రా, ఇప్పుడే రాకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కవిత మూడుసార్లు చదివాను. "ఓ నిద్రా! నీవు అలసినవారికి ఊరటవు, పేదకూ రాజుకూ ఒకే తల్లివి" అని మొదలై ఇరవై పంక్తులూ అదే వరసలో నడిచింది. చదవడం అయ్యేసరికి నిద్ర గురించి అందరికీ తెలిసినదే మరోసారి తెలిసింది. పిలుస్తున్న మనిషి ఎవరో మాత్రం తెలియలేదు.

ఒక చిన్న పరీక్ష చేసి చూడు. "నీవు" అన్నచోటల్లా "నిద్ర" అని మార్చు. "నిద్ర అలసినవారికి ఊరట, పేదకూ రాజుకూ ఒకే తల్లి." ఏమైనా పోయిందా? పోలేదు. అంటే అది సంబోధన కాదు, వర్ణనకు ముందు "ఓ" తగిలించడం. నిజమైన సంబోధనలో "నువ్వు" తీసేస్తే కవిత కూలిపోవాలి.

లోపం ఎక్కడుందంటే, నిద్రకు దాని సంగతులే చెబుతున్నావు. ఎవరినైనా పిలిచి వాళ్ళకు తెలిసినవే ఏకరువు పెడతామా? పిలిచామంటే ఏదో కావాలి. అడగాలి, ఆపాలి, నిలదీయాలి, బతిమాలాలి. కాబట్టి కలం పట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఈ మనిషికి ఈ రాత్రి నిద్రతో పనేమిటి? జవాబు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఉదాహరణకు ఇలా:

నిద్రా, ఇప్పుడే రాకు.
రెండింటికి ఇంకో మాత్ర వేయాలి.
నిన్న నువ్వొచ్చి వెళ్ళాక చూస్తే
గ్లాసులో నీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి.

రోగి అన్న మాట లేదు, భయం అన్న మాట లేదు. అయినా పక్కన ఎవరో మంచాన ఉన్నారనీ, నిన్న మందు వేళ తప్పిందనీ, మేలుకున్న మనిషి ఆ తప్పును మోస్తోందనీ అర్థమవుతుంది. "నీవు" పోయి "నువ్వు" వచ్చింది చూడు. "ఓ" కూడా రాలిపోయింది. వ్యాకరణం ఓ, ఓయి, ఓరి, ఓసి అని నాలుగు సంబోధన ప్రత్యయాలు చెబుతుంది కానీ, నిద్ర ముంచుకొస్తున్న మనిషి "ఓ" అనదు. చివరి అచ్చు సాగదీసి "నిద్రా" అంటుంది, అంతే.

ఇక్కడే మరో తప్పు జరుగుతుంది. పాఠకుడికి అర్థం కాదేమోనన్న బెంగతో "నాన్న జబ్బుపడి నెల అయింది, నీకు తెలుసు కదా" అని ఐదో పంక్తి రాస్తాం. "తెలుసు కదా" అన్న మాట కనబడిందంటే అది నిద్రతో కాదు, నిద్ర భుజం మీదుగా పాఠకుడితో మాట్లాడటం. ఆ సమాచారం తప్పనిసరైతే కోరికలోనే కలిపెయ్: "నా దగ్గరికి కాదు, నాన్న మంచం దగ్గరికి వెళ్ళు." తండ్రికి నిద్ర పట్టడం లేదన్న సంగతి కూడా అందులోనే వచ్చేసింది.

మేఘదూతాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదువు. అందులో యక్షుడు మేఘాన్ని ముందు పూలిచ్చి పలకరిస్తాడు, దాని వంశాన్ని పొగుడుతాడు, తర్వాతే పని చెబుతాడు. ప్రేమతో బాధపడేవాళ్ళకు ప్రాణమున్నదీ లేనిదీ అన్న తేడా తెలియదని కాళిదాసు మొదట్లోనే చెప్పేశాడు. పొగడ్త కూడా అవసరం లోంచే పుట్టింది కనుక అది అలంకారంగా మిగలదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చివరి శ్లోకం. నీకు నీ మెరుపుతో క్షణమైనా ఎడబాటు కలగకూడదని మేఘాన్ని దీవిస్తాడు. తన బాధను ఏకరువు పెట్టడు. దీవెనలోనే అదంతా ఉంది.

దూరమైన మనిషిని పిలిచేటప్పుడు తెలుగు మనకు ఇంకో సాధనం ఇచ్చింది: "నువ్వు" నుంచి "మీరు"కు మారడం. ఇల్లు విడిచిపోయిన అన్నతో చెల్లెలు మాట్లాడుతోందనుకో. "అన్నయ్యా, వీధి తలుపు గొళ్ళెం ఇంకా బాగుచేయించలేదు, అమ్మ వద్దంది" అని మొదలుపెట్టి, నాలుగు పంక్తుల తర్వాత "మీరు ఎక్కడున్నా బాగుండాలి" అందంటే, ఆ "మీరు" దగ్గర ఏదో తెగిపోయింది. "కోపం వచ్చింది" అని రాయనక్కర్లేదు. అయితే ఈ మార్పు ఒక్కసారే జరగాలి. రెండుసార్లు మారితే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. మారే చోటుకు ముందు పంక్తిలో కారణం కనబడాలి, లేదా ఒక ప్రశ్న వేసి జవాబు రానంత ఖాళీ వదలాలి.

నీ ఇరవై పంక్తుల్లో పదమూడోది ఉంచు: "ఒక్క గంట ఆగలేవా?" మిగతావి పక్కన పెట్టి, ఆ గంటలో ఏం జరగాల్సి ఉందో తేల్చుకుని మళ్ళీ రాసి పంపు.